భోజనానికి ముందు షుగర్ ఎక్కువగా ఉంటే: కరెక్షన్ డోసులో మర్చిపోయే తీసివేత

ప్రశ్న: "మా బాబుకి 13 ఏళ్లు. ఏడాదిన్నరగా టైప్ 1. డాక్టర్ గారు సెన్సిటివిటీ ఫ్యాక్టర్ 50, టార్గెట్ 120 అని రాసిచ్చారు. నిన్న సాయంత్రం 6 గంటలకి బజ్జీలు తిన్నాడు, 4 యూనిట్లు వేశాను. రాత్రి 8కి భోజనం ముందు చూస్తే 282. లెక్క ప్రకారం 3 యూనిట్లు కరెక్షన్, అన్నానికి 4, మొత్తం 7 వేశాను. అర్ధరాత్రి 12కి 58కి పడిపోయాడు. లెక్క సరిగ్గానే చేశాను కదా, తప్పు ఎక్కడ జరిగింది?"

సమాధానం:

మీ భాగహారం సరైనదే అమ్మా. దాని తర్వాత చేయాల్సిన ఒక తీసివేత మిగిలిపోయింది. రాత్రి 8 గంటలకు బాబుకి వేయాల్సిన కరెక్షన్ 3 కాదు, 1 యూనిట్. అన్నానికి 4 కలిపితే మొత్తం 5 యూనిట్లు. సాయంత్రం వేసిన 4 యూనిట్లలో సుమారు సగం ఆ సమయానికి ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ సగాన్ని లెక్కలోంచి తీసేయలేదు కాబట్టి దించాల్సిన షుగర్‌ని రెండుసార్లు దించినట్టయింది.

నేను గుంటూరులో పిల్లల షుగర్ క్లినిక్‌లో పదిహేనేళ్లుగా డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. తల్లిదండ్రులకు ఇన్సులిన్ వేయడం, లెక్క కట్టడం నేర్పించడమే నా పని. రాత్రిపూట షుగర్ పడిపోయిందని మాకు వచ్చే ఫోన్లలో చాలావాటి వెనక ఇదే కారణం ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నిన్నటి లెక్కే తీసుకుందాం. సెన్సిటివిటీ ఫ్యాక్టర్ 50 అంటే, 1 యూనిట్ ఇన్సులిన్ దాని పని పూర్తయ్యేసరికి బాబు షుగర్‌ని సుమారు 50 దించుతుందని. ఉన్నది 282, కావలసింది 120. తేడా 162. దాన్ని 50తో భాగిస్తే 3.24 వస్తుంది. మీరు ఇక్కడ ఆగారు. చాలామందికి రాసిచ్చే కాగితం మీద కూడా లెక్క ఇక్కడికే ఉంటుంది, అందుకని మిమ్మల్ని తప్పు పట్టలేను.

ఇప్పుడు మిగిలిన మెట్టు. భోజనం ముందు వేసే త్వరగా పనిచేసే ఇన్సులిన్ (లిస్‌ప్రో, ఆస్పార్ట్ లాంటివి) వేయగానే అయిపోదు. పావుగంటలో మొదలై, గంట, గంటన్నర దగ్గర బలంగా పనిచేసి, నాలుగు గంటల వరకూ, కొందరిలో ఐదు గంటల వరకూ మెల్లగా సాగుతుంది. ఇంట్లో వాడుకోవడానికి నేను చెప్పే మోటు లెక్క ఇది: గంట గడిస్తే ముప్పావు మిగిలి ఉన్నట్టు, రెండు గంటలు గడిస్తే సగం, మూడు గంటలకు పావు, నాలుగు గంటలు దాటితే ఏమీ లేనట్టు. మీరు 6కి వేశారు, 8కి చూశారు. 4 యూనిట్లలో సగం, అంటే 2 యూనిట్లు మిగిలి ఉన్నాయి. 3.24లోంచి 2 తీసేస్తే 1.24. పెన్నుతో వేస్తే కిందికి సవరించి 1 యూనిట్.

```
(282 - 120) / 50 = 3.24
3.24 - 2 = 1.24  ->  1
4 + 1 = 5
```

ఈ జవాబు సరైనదో కాదో నిన్నటి రాత్రే మీకు చూపించింది. మీరు 1 బదులు 3 వేశారు, అంటే 2 యూనిట్లు ఎక్కువ. యూనిట్‌కి 50 చొప్పున 100 అదనంగా దిగింది. 58కి ఆ 100 కలిపితే 158. 1 యూనిటే వేసి ఉంటే బాబు అర్ధరాత్రి ఆ దరిదాపుల్లో ఉండేవాడు. 120 టార్గెట్ కన్నా కొంచెం ఎక్కువే, కానీ నిద్రలో ఉన్న పిల్లాడికి అది భయం లేని అంకె. ఇంకో మంచి సంగతి కూడా ఇందులో ఉంది: మీ డాక్టర్ గారు రాసిన 50 అనే అంకె దాదాపు సరిగ్గానే ఉన్నట్టు దీన్నిబట్టి అనిపిస్తోంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఆ 4 యూనిట్లు బజ్జీల కోసం వేసినవి కదా, కరెక్షన్‌లోంచి ఎందుకు తీసేయాలి అని. బజ్జీలు ఇంకా అరుగుతూ ఉంటే మిగిలిన ఇన్సులిన్‌లో కొంత వాటికే ఖర్చవుతుంది, నిజమే. నూనెలో వేయించినవి మామూలు అన్నం కన్నా ఆలస్యంగా అరుగుతాయి కూడా. కానీ ఎంత అరిగిందో, ఎంత మిగిలిందో మనకి కనిపించదు. రెండు గంటలకు చూసిన 282 అనేది చాలాసార్లు దారి మధ్యలో ఉన్న అంకె, ఆగిన చోటు కాదు. ఇన్సులిన్ ఇంకా దాన్ని కిందికి లాగుతూ ఉంటుంది. అలాంటప్పుడు తక్కువ వేసి, నాలుగు గంటల తర్వాత ఇంకా ఎక్కువ ఉంటే అప్పుడు సరిచేయడం సులువు. ఎక్కువ వేసి నిద్రలో పడిపోయిన షుగర్‌ని లేపడం కష్టం. ఒక విషయం మాత్రం మర్చిపోకండి, తీసేసేది కరెక్షన్ భాగంలోంచి మాత్రమే. ఇప్పుడు తినబోయే అన్నానికి వేసే 4 యూనిట్లను తగ్గించకూడదు, ఎందుకంటే ఆ అన్నం ఇంకా కడుపులోకి వెళ్లలేదు.

రెగ్యులర్ అనే పాత రకం ఇన్సులిన్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే, మీకు ఈ నాలుగు గంటల లెక్క సరిపోదు. అది ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పనిచేస్తుంది. మధ్యాహ్నం 2కి వేసింది సాయంత్రం 6కి కూడా కొంత మిగిలే ఉంటుంది.

50 అనే అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఇది తెలిస్తే అది ఎప్పుడు పాతబడుతుందో మీకే తెలుస్తుంది. రోజు మొత్తం వేసే ఇన్సులిన్‌ని, అంటే రోజుకొకసారి వేసే లాంగ్ యాక్టింగ్‌నీ భోజనాలకు వేసేవాటినీ కలిపి, 1800ని ఆ మొత్తంతో భాగిస్తారు. మీ బాబుకి లాంగ్ యాక్టింగ్ 16, మూడు పూటలకూ చిరుతిండికీ కలిపి 20 అనుకుందాం. మొత్తం 36. 1800ని 36తో భాగిస్తే 50. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే 1800 బదులు 1500 తీసుకుంటారు. ఒక్క రోజు మొత్తం కాకుండా వారం రోజుల సగటు తీసుకోవాలి, పెళ్లి భోజనం తిన్న రోజునో జ్వరం వచ్చిన రోజునో లెక్కపెడితే అంకె తప్పుతుంది.

ఇప్పుడు మీ బాబు వయసు గమనించండి. 13 ఏళ్లు. ఎదిగే వయసు హార్మోన్లు ఇన్సులిన్‌కి అడ్డుపడతాయి. ఈ ఏడాది 36 సరిపోయిన పిల్లాడికి వచ్చే ఏడాదికి 45 కావచ్చు. అప్పుడు 1800ని 45తో భాగిస్తే 40. అంటే 1 యూనిట్ 50 దించడం మానేసి 40 మాత్రమే దించుతుంది. కాగితం మీద 50 అలాగే ఉంటే కరెక్షన్ వేసిన ప్రతిసారీ షుగర్ టార్గెట్ దాకా రాక పైనే ఆగిపోతుంది. రోజు మొత్తం డోసు గమనించదగ్గంత మారినప్పుడల్లా ఈ అంకెని డాక్టర్ గారి చేత మళ్లీ చూపించుకోండి.

1800 లెక్క అనేది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. అసలైన అంకె పిల్లాడి ఒంట్లోనే తెలుస్తుంది. దాన్ని పరీక్షించే పద్ధతి ఇది. తిని నాలుగు గంటలు దాటి, భోజనం ఇన్సులిన్ కూడా వేసి నాలుగు గంటలు దాటిన సమయంలో షుగర్ 200 పైన ఉన్న రోజు ఒకటి దొరుకుతుంది. పగటిపూట చూసుకోండి, పడుకోబోయే ముందు వద్దు. కరెక్షన్ మాత్రమే వేసి, ఏమీ తినిపించకుండా గంటగంటకూ చూడండి. 90 కన్నా కిందికి దిగుతుంటే పరీక్ష ఆపేసి ఏదైనా తినిపించండి. ఉదాహరణకి 230 ఉన్నప్పుడు 2 యూనిట్లు వేస్తే నాలుగు గంటల తర్వాత 140 వచ్చిందనుకోండి. 90 దిగింది, రెండు యూనిట్లకు. అంటే యూనిట్‌కి 45. ఒక్కసారి చూసి నిర్ణయించకండి, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు దాదాపు అదే వస్తే నమ్మవచ్చు. ఆ అంకెలు రాసుకుని డాక్టర్ గారికి చూపించండి, మార్చాలా వద్దా వారు చెప్తారు.

ఇందులో నేను చాలాసార్లు చూసిన ఒక చిక్కు ఉంది. లాంగ్ యాక్టింగ్ డోసే ఎక్కువగా ఉంటే, ఏమీ తినకపోయినా షుగర్ దానంతట అదే దిగుతుంటుంది. అప్పుడు ఆ దిగుడంతా కరెక్షన్ వల్లే అనుకుని, 1 యూనిట్‌కి 80 దిగుతోందని రాసుకుంటారు. తర్వాత లాంగ్ యాక్టింగ్ తగ్గించగానే లెక్కలన్నీ తలకిందులవుతాయి. అందుకని రాత్రి పడుకునేముందు షుగర్, తెల్లవారు లేచాక షుగర్ పెద్ద తేడా లేకుండా ఉన్నాయా లేదా అనేది ముందు చూసుకోవాలి. అది సరిగ్గా ఉన్నాకే ఈ పరీక్ష.

పూటపూటకీ తేడా కూడా ఉంటుంది. తెల్లవారుజామున హార్మోన్ల వల్ల చాలామంది పిల్లలకు ఇన్సులిన్ తక్కువ పనిచేస్తుంది. టిఫిన్ ముందు యూనిట్‌కి 40 దిగే పిల్లాడికి రాత్రి భోజనం ముందు 60 దిగడం నేను చాలామందిలో చూశాను. మీ బాబు సాయంత్రం క్రికెట్టో కబడ్డీయో ఆడే రోజుల్లో రాత్రికి ఇంకా ఎక్కువ దిగుతుంది. అలాంటి రాత్రి కరెక్షన్‌ని సగానికి తగ్గించమని మా క్లినిక్‌లో చెప్తాం, పడుకునేముందు మళ్లీ చూడమంటాం.

డోసు లెక్కపెట్టే ముందు, ఆ 282 నిజమేనా?

కరెక్షన్ అంటే మీటర్ మీది అంకెని నమ్మి మందు వేయడం. అందుకని అంకె అనుమానంగా ఉంటే మళ్లీ చూడాలి. మామిడికాయల రోజుల్లో ఒకసారి తొమ్మిదేళ్ల పాపని వాళ్ల నాన్న పరుగున తీసుకొచ్చారు, మీటర్‌లో 340 వచ్చిందని. పాప అప్పుడే మామిడిపండు తిని చేయి గుడ్డతో తుడుచుకుంది, కడగలేదు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి మళ్లీ చూస్తే 148. ఆ 340కి కరెక్షన్ వేసి ఉంటే ఏమయ్యేదో ఆయనకి నేను చెప్పనక్కరలేకపోయింది, ఆయన ముఖంలోనే తెలిసింది. శానిటైజర్‌తో తుడవడం చాలదు, నీళ్లతో కడగాలి.

మీటర్ సరిగ్గా ఉన్నా కొంత తేడా ఉంటుంది. 100 పైన ఉన్నప్పుడు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ చూపించడం ఒప్పుకోదగిన తేడాగానే పరిగణిస్తారు. అంటే 282 అని చూపిస్తే అసలు షుగర్ 250 కావచ్చు, 320 కావచ్చు. అందుకే 1.24 వస్తే 1 అనే అంటాను, 1.5 అనను. అర యూనిట్ పెన్ను ఉంటే చిన్న పిల్లలకు చాలా ఉపయోగం, మీ బాబుకి కూడా అడగవచ్చు.

విదేశాల్లో ఉన్న బంధువులు ఈ లెక్క వాడాలనుకుంటే ఒక మాట. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో మీటర్లు వేరే కొలతలో చూపిస్తాయి. అక్కడి 15.7 ఇక్కడి 282 లాంటిది. 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. రెండు కొలతలను ఒకే లెక్కలో కలపకూడదు.

సిరంజితో వేసేవాళ్లు తప్పక చూసుకోవాల్సింది

మీరు పెన్ను వాడుతున్నారో సిరంజి వాడుతున్నారో రాయలేదు. సిరంజి అయితే ఇది కరెక్షన్ లెక్క కన్నా ముఖ్యం. మన దగ్గర ఇన్సులిన్ బాటిల్స్ ఒక మిల్లీలీటర్‌కి 40 యూనిట్లవీ దొరుకుతాయి, 100 యూనిట్లవీ దొరుకుతాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 4 గీత వరకూ తీస్తే ఒంట్లోకి వెళ్లేది 4 కాదు, 10 యూనిట్లు. కొత్త బాటిల్ కొన్నప్పుడల్లా బాటిల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూసి వాడండి.

ఇంకొక సంగతి. 30/70 లాంటి మిక్స్ ఇన్సులిన్‌తో ఈ లెక్క చేయకూడదు. అందులో ఎక్కువ భాగం చాలా గంటలు మెల్లగా పనిచేసే ఇన్సులిన్ కాబట్టి, ఇప్పటి షుగర్‌కి వేసింది తెల్లవారుజామున దించుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది అదే వాడతారు. పిల్లాడికి వేసే లెక్కని తాతగారికి వాడకండి.

కరెక్షన్ వేసినా షుగర్ దిగకపోతే

రెండు మూడేళ్ల కిందట మే నెలలో ఒక పదహారేళ్ల అబ్బాయి వాళ్ల అమ్మగారు ఫోన్ చేశారు. ఉదయం నుంచి 300 పైన ఉంది, మూడుసార్లు కరెక్షన్ వేసినా కదలడం లేదన్నారు. అడిగితే, ముందు రోజు మధ్యాహ్నమంతా ఇన్సులిన్ పెన్ను స్కూటీ డిక్కీలో ఉండిపోయిందని తేలింది. ఎండకి ఇన్సులిన్ చెడిపోయింది, చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఆవిడ కొత్త పెన్ను తీసి, అప్పటిదాకా వేసినవి పనిచేయలేదు కదా అని పూర్తి కరెక్షన్ వేయబోయారు. నేను సగం వేయమన్నాను. చెడిపోయినదైనా పూర్తిగా చచ్చిపోయిందని ఎవరూ చెప్పలేరు, దానిలో కొంత పనిచేస్తుండవచ్చు. ముందుగా మూత్రంలో కీటోన్లు చూడమన్నాను. కొద్దిగానే ఉన్నాయి, వాంతులు లేవు. సగం వేశాక గంటగంటకూ చూస్తూ సాయంత్రానికి 180కి వచ్చింది.

కీటోన్ల మాట ఎందుకు చెప్తున్నానంటే, టైప్ 1లో ఈ లెక్క పనిచేయని సందర్భం అదే. షుగర్ 250 పైన ఉండి కరెక్షన్ వేసినా రెండు మూడు గంటల్లో ఏమాత్రం దిగకపోతే, లేదా పిల్లాడికి కడుపునొప్పి, వాంతులు, ఆయాసం ఉంటే, కీటోన్ స్ట్రిప్‌తో చూడండి. కీటోన్లు మధ్యస్థంగానో ఎక్కువగానో ఉంటే, స్ట్రిప్ లేకపోయినా ఈ లక్షణాలు ఉంటే, ఇంట్లో మళ్లీ మళ్లీ కరెక్షన్లు వేస్తూ కూర్చోకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు సెన్సిటివిటీ ఫ్యాక్టర్ మామూలుగా పనిచేయదు, ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉంటాయి, సెలైన్ కావాలి. పిల్లాడు సరిగ్గా తినలేకపోతున్నాడని లాంగ్ యాక్టింగ్ మాత్రం ఎప్పుడూ మానేయకండి.

ఎండాకాలంలో కరెంటు పోయే ఊళ్లో ఉంటే, వాడే పెన్నుని నీళ్లు చల్లిన మట్టి కుండలో పెట్టుకోవచ్చు. ఇన్సులిన్‌కి నీళ్లు తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టాలి.

ఇకమీద రాత్రి భోజనం ముందు మీరు చేసే క్రమం

చేయి కడిగి షుగర్ చూడండి. కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఇప్పటి షుగర్, చివరిసారి ఏ టైముకి ఎన్ని యూనిట్లు వేశారు, ఇప్పుడు తినబోయేది. ముందు భోజనానికి ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత కరెక్షన్, అందులోంచి మిగిలి ఉన్న ఇన్సులిన్ తీసేయండి. తీసేసినప్పుడు సున్నా కన్నా తక్కువ వస్తే కరెక్షన్ సున్నా. అలాంటప్పుడు అన్నానికి వేసేదాన్ని కూడా తగ్గించాలా అనేది మీ డాక్టర్ గారిని ముందే అడిగి రాయించుకోండి. షుగర్ 70 కన్నా తక్కువ ఉంటే ఇదంతా వద్దు, ముందు షుగర్ పెంచాలి.

చాలామంది పిల్లలు టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చిరుతిండి, రాత్రి అన్నం అని దగ్గరదగ్గరగా తింటారు. అందులో సాయంత్రం చిరుతిండికీ రాత్రి భోజనానికీ మధ్య రెండు గంటలే ఉంటుంది, ఈ తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మీకు వీలైతే చిరుతిండిని ఐదింటికి, భోజనాన్ని ఎనిమిదిన్నరకి జరిపి చూడండి. మూడున్నర గంటలు గడిస్తే 4 యూనిట్లలో మిగిలేది అర యూనిట్, లెక్కలో దాదాపు తేడా రాదు. ఎనిమిదిన్నరకి చూసినప్పుడు వచ్చే అంకె కూడా దారి మధ్యలోది కాకుండా అసలు అంకె అవుతుంది.

నిన్న 58 వచ్చినప్పుడు మీరు ఏం చేశారో రాయలేదు. మళ్లీ అలా జరిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి, 70 దాటకపోతే ఇంకోసారి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి. నిన్న రాత్రి జరిగింది మీ డాక్టర్ గారికి ఈ రోజే చెప్పండి, టైముతో సహా. 6కి 4, 8కి 7, 12కి 58 అని చెప్తే చాలు, వారికి విషయం అర్థమవుతుంది. రాబోయే మూడు రాత్రులు మాత్రం పడుకునేముందు ఒకసారి, రాత్రి 2 గంటలకి ఒకసారి షుగర్ చూసి, అంకెలు ఇక్కడ కూడా పెట్టండి. మీ పుస్తకంలోని రోజు మొత్తం డోసు కూడా రాస్తే, 50 అనే అంకె ఇంకా సరిపోతోందా లేదా అని కలిసి చూద్దాం.